ముఖం ఫోటో చెబుతుంది, మిగతాది మనమే చెప్పాలి

ఈమధ్య వాట్సాప్‌లో వస్తున్న శుభలేఖల్లో పెళ్లికూతురు, పెళ్లికొడుకు బొమ్మలై కనిపిస్తున్నారు. ఎవరో గీసిన ఏదో జంట కాదు, అచ్చంగా వాళ్లే. నిశ్చితార్థంలో దిగిన ఫోటో ఒకటి ఏఐ సాధనానికి ఇచ్చి, ఎలాంటి బొమ్మ కావాలో నాలుగు మాటల్లో రాస్తే నిమిషంలో బొమ్మ తయారవుతోంది. అలా రాసి ఇచ్చే మాటలనే ప్రాంప్ట్ అంటున్నారు. 2025 మార్చిలో చాట్‌జీపీటీలోనూ, అదే ఏడాది ఆగస్టులో గూగుల్ జెమినిలోనూ ఫోటోను చూసి బొమ్మ గీసే సదుపాయం బాగా మెరుగుపడింది. అప్పటి నుంచి చిత్రకారుల పరిచయం లేని ఇళ్లకు కూడా ఈ పని అందుబాటులోకి వచ్చింది.

అయితే "ఈ ఫోటోను పెళ్లి శుభలేఖ బొమ్మగా మార్చు" అని ఒక్క వాక్యం రాస్తే ఏం వస్తుందో చూడండి. ఫోటోలో అబ్బాయి పట్టుపంచె కట్టుకుని, భుజాన కండువా వేసుకుని ఉంటాడు. బొమ్మలో షేర్వానీ తొడిగి తలపాగా పెడుతుంది. అమ్మాయి చిలకపచ్చ గద్వాల్ చీర ఎర్రటి లెహంగా అయిపోతుంది, లేదా కొంగు కుడి భుజం మీదుగా ముందుకు వస్తుంది. ముక్కుకు పెద్ద రింగు, దాని నుంచి చెవిదాకా గొలుసు, పాపిట్లో సిందూరం వచ్చి చేరతాయి. వెనక రాజస్థాన్ కోటల కమానులు లేస్తాయి. ఇద్దరి ఒంటిరంగూ రెండు మెట్లు తేలిపోతుంది. పైన తెలుగులా కనిపించే, ఎవరూ చదవలేని అక్షరాలు నాలుగు ఉంటాయి. బొమ్మ అందంగానే ఉంటుంది, కానీ అది ఆ ఇంటి పెళ్లిది కాదు.

దీన్ని సరిదిద్దుకోవడం సాధ్యమే. అందుకు ప్రాంప్ట్ రాసేవారు మూడు సంగతులు విడివిడిగా ఆలోచించుకోవాలి: ఫోటోలో ఉన్నదాంట్లో ఏది మారకూడదు, ఏది మారాలి, బొమ్మలో ఏ చోటు ఖాళీగా ఉండాలి.

ఎందుకు అలా గీస్తుంది

ఈ సాధనాలు ఫోటోను కత్తిరించి అతికించవు. దాన్ని చూసి, కొత్తగా మొదటి నుంచీ గీస్తాయి. గీసేటప్పుడు వాటికి ఆధారాలు రెండు: మనం ఇచ్చిన ఫోటో, మనం రాసిన మాటలు. ఆ రెండింటిలోనూ తేలని వివరాలను, అవి నేర్చుకున్న కోట్ల బొమ్మల్లో ఎక్కువగా కనిపించే వాటితో నింపుకుంటాయి. 'భారతీయ వివాహం' అన్న మాటతో లోకంలో తిరుగుతున్న బొమ్మల్లో ఉత్తరాది లెహంగాలు, షేర్వానీలే ఎక్కువ. మనం 'పెళ్లి' అని మాత్రమే రాసి ఊరుకుంటే అది అటే మొగ్గుతుంది.

దర్జీకి ఆది జాకెట్టు ఇచ్చినా మెడ ఎంత దించాలో, చేతులు ఎంత పొడవుండాలో నోటితో చెప్పి వస్తాం కదా. ఇక్కడ ఫోటో ఆది జాకెట్టులాంటిది. ముఖాలకు, ఒడ్డూ పొడవులకు అది కొలత ఇస్తుంది. మిగతావన్నీ మాటల్లో చెప్పాల్సిందే.

ముందు ఫోటో సంగతి

పోలిక రావడం, రాకపోవడం సగానికి పైగా ఫోటో చేతిలోనే ఉంది. రెండు ముఖాలూ ఎదురుగా గానీ, కాస్త పక్కకు తిరిగి గానీ ఉండాలి. ఒకరి ముఖం మీద ఎండ, ఇంకొకరి మీద నీడ ఉన్న ఫోటో పనికిరాదు, ఎందుకంటే ఆ నీడను సాధనం ఒంటిరంగుగానో గడ్డంగానో పొరబడుతుంది. ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గి ముఖాల్లో వివరం చెరిగిపోతుంది. ఫోటోగ్రాఫర్ దగ్గరి నుంచి అసలు ఫైలునే 'డాక్యుమెంట్'గా పంపించుకోవాలి.

ఫోన్ ముందు కెమెరాతో తీసిన సెల్ఫీలతో ఒక చిక్కుంది. కొన్ని ఫోన్లు అద్దంలో కనిపించినట్టే, కుడి ఎడమలు తారుమారుగా దాచుకుంటాయి. అప్పుడు ఎడమ భుజం మీది కొంగు కుడి భుజం మీద ఉన్నట్టు కనిపిస్తుంది. బొమ్మలోనూ అలాగే వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు మొదట పట్టుకునే తప్పు ఇదే. ఫోటో ఇచ్చే ముందే కొంగు ఏ భుజాన ఉందో చూసుకుని, తారుమారైతే ఫోన్లోనే తిప్పుకోవాలి.

ఒక్క ఫోటోతో సరిపెట్టుకోనక్కర్లేదు. చాలా సాధనాలు రెండు మూడు ఫోటోలు కలిపి ఇవ్వనిస్తాయి. జంట ఫోటో ఒకటి, చీర అంచూ కొంగూ దగ్గరగా కనిపించేది ఒకటి ఇచ్చి, ఏది దేనికో చెప్పాలి: "మొదటి ఫోటో ముఖాలకు, నిలుచున్న తీరుకు. రెండో ఫోటో చీర అంచుకు మాత్రమే." ఇలా చెప్పకపోతే రెండో ఫోటోలో చీర పట్టుకున్న చెయ్యి కూడా బొమ్మలోకి వచ్చేస్తుంది.

ఫోటోలో ఉన్న ఇద్దరి అనుమతీ తీసుకున్నాకే దాన్ని ఇలాంటి సేవలకు ఇవ్వాలి. మనం ఇచ్చిన ఫోటోలను తమ శిక్షణకు వాడుకునే సేవలు కొన్ని ఉన్నాయి. వద్దనుకుంటే ఆపే వీలు సాధారణంగా సెట్టింగుల్లో ఉంటుంది. చుట్టూ బంధువులు, పిల్లలు ఉన్న ఫోటో అయితే జంటను మాత్రం ఉంచి తక్కినది కత్తిరించి ఇవ్వడం మంచిది.

పోలిక ఎక్కడుంటుంది

"ముఖాలు ఫోటోలో ఉన్నట్టే ఉంచు" అనడం అవసరమే గానీ అది చాలదు. బొమ్మగా మార్చేటప్పుడు సాధనం వివరాలను తగ్గిస్తుంది. ఏ వివరాలు తగ్గించకూడదో దానికి తెలియదు. ఒక్కొక్కరి ముఖంలో వాళ్లను వాళ్లుగా పట్టించే గుర్తులు మూడో నాలుగో ఏరి రాయాలి. అబ్బాయికి కళ్లజోడు, గుండ్రటి దవడ, దగ్గరగా కత్తిరించిన గడ్డం. అమ్మాయికి దట్టమైన కనుబొమలు, గడ్డం మీద పుట్టుమచ్చ, నవ్వితే పడే సొట్ట. వీటితోపాటు ఎత్తులో తేడా కూడా చెప్పాలి: అమ్మాయి తల అబ్బాయి చెవి దాకా వస్తుందా, భుజం దాకానా? చెప్పకపోతే అబ్బాయిని పొడుగ్గా, అమ్మాయిని సన్నగా, పొట్టిగా మార్చేయడం దానికి అలవాటు. కళ్లజోడును చాలాసార్లు తీసేస్తుంది.

ఒంటిరంగు గురించి తప్పనిసరిగా ఒక వాక్యం రాయాలి. "ఇద్దరి ఒంటిరంగూ ఫోటోలో ఉన్న ఛాయలోనే ఉండాలి, తేలిక చేయవద్దు, శరీరాలను సన్నబరచవద్దు." ఇది అందచందాల ముచ్చట కాదు. శుభలేఖ అందుకున్న మేనత్త, చామనఛాయ మేనకోడలు అందులో తెల్లగా కనిపిస్తే ఏమనుకుంటుంది? ఉన్న రంగు బాగాలేదని ఇంటివాళ్లే ఒప్పుకున్నట్టు ఉంటుంది. పెళ్లికూతురు తన శుభలేఖలో తనలాగే కనిపించాలి.

కట్టూ బొట్టూ చెప్పే తీరు

ఇప్పుడు ఒక జంటను ఊహించుకుని ప్రాంప్ట్ కడదాం. అమ్మాయి కట్టినది గద్వాల్ పట్టుచీర. గద్వాల్ నేతలో ఒంటి భాగాన్ని, అంచును, కొంగును వేరువేరు రంగుల్లో నేసి కలుపుతారు. రెండు రంగులు కొట్టొచ్చినట్టు ఎదురుబొదురుగా నిలవడమే ఆ చీర అందం. 'గద్వాల్ చీర' అని పేరు మాత్రం రాస్తే సాధనం ఆ రెండు రంగులనూ కలగాపులగం చేసి, ఒంటి నిండా జరీ పువ్వులు పోస్తుంది. అందుకని పేరు రాశాక రూపం కూడా రాయాలి: "ఒళ్లంతా సాదా చిలకపచ్చ, అరచేతి వెడల్పు ముదురు ఊదా ఎరుపు అంచు, అదే రంగు కొంగు, అంచులో బంగారు జరీ మామిడి పిందెలు."

ఆ రంగును మనం అరటిపువ్వు రంగు అంటాం. ప్రాంప్ట్‌లో అలా రాస్తే చీర మీద నిజంగానే అరటిపువ్వులు మొలవవచ్చు. వంకాయ రంగు, గోరింటాకు రంగు, మీగడ రంగు లాంటివీ అంతే. ముదురు, లేత, ఎరుపు, ఊదా లాంటి నేరు మాటల్లో చెబితే పొరబాటు తగ్గుతుంది.

నగలకూ ఇదే పద్ధతి. వడ్డాణం, వంకీ, కాసులపేరు, పాపిడి బిళ్ల, జడగంటలు అని పేర్లు రాసి, పక్కనే అది ఎక్కడ ఉంటుందో, ఏ ఆకారంలో ఉంటుందో చెప్పాలి. "వంకీ: మోచేతికి పైన, రెండు చేతులకూ, పైభాగం కోణంగా వంగిన బంగారు పట్టీ." "కాసులపేరు: గుండ్రటి చిన్న బంగారు నాణేలు వరసగా గుచ్చిన పొడవాటి హారం." ఫోటోలో లేని నగ ఏదీ చేర్చవద్దని కూడా రాయాలి. లేదంటే ముక్కు రింగు తప్పకుండా వస్తుంది.

అబ్బాయి పంచె దగ్గర సాధనం ఎక్కువగా తప్పటడుగు వేస్తుంది. పంచెను పైజామాగా గీస్తుంది, లేదా లుంగీలా చుట్టబెడుతుంది. గోచీ పోసి కట్టిన పంచె అయితే "తెల్లటి పట్టుపంచె, ముందు కుచ్చిళ్లు, ఒక కొస కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసి నడుం దగ్గర దోపింది, సన్నటి జరీ అంచు" అని రాయాలి. కండువా ఏ భుజాన ఉందో చెప్పాలి. పీటల మీద పెళ్లి కాబట్టి "ఇద్దరి పాదాలూ ఉత్తవి, పాదాల అంచున ఎర్రటి పారాణి" అని చేర్చాలి. లేకపోతే మొనదేలిన జోళ్లు తొడుగుతుంది.

వద్దన్న వాటిని ఎలా చెప్పాలన్నది ఇక్కడ ఒక కిటుకు. "తలపాగా వద్దు" అని రాస్తే, కొన్ని సాధనాలు 'తలపాగా' అన్న మాటకే ప్రభావితమై దాన్ని మళ్లీ గీస్తాయి. వద్దన్నదాన్ని చెప్పే బదులు దాని స్థానంలో ఏముందో చెబితే బాగా అర్థం చేసుకుంటాయి. "అబ్బాయి తల మీద ఏమీ లేదు, పక్కకు దువ్విన నల్లటి జుట్టు పూర్తిగా కనిపిస్తుంది" అనాలి. "కమానులు వద్దు" అనే బదులు "వెనక రెండు అరటి చెట్లు, పైన మామిడాకుల తోరణం, తక్కిన నేపథ్యమంతా సాదా మీగడ తెలుపు" అనాలి.

ఏ ఘట్టం గీయిస్తున్నాం

ఫోటోలో ఇద్దరూ ఊరికే పక్కపక్కన నిలబడి ఉంటారు. శుభలేఖ మీద మాత్రం పెళ్లి ఘట్టమే కావాలని చాలామంది కోరుకుంటారు. అప్పుడు తంతు వరస తెలిసి రాయాలి, ఎందుకంటే ఒక్కో ఘట్టానికి ఒంటి మీద ఉండాల్సినవి వేరు.

మన పెళ్లిలో సుముహూర్తం జీలకర్ర బెల్లానిది. ఆ సమయానికి ఇద్దరి నుదుటా బాసికం ఉంటుంది, నడుమ అడ్డుతెర ఉంటుంది, ఒకరి తల మీద ఒకరి చెయ్యి ఉంటుంది. అమ్మాయి మెడలో అప్పటికింకా మంగళసూత్రం లేదు. మాంగల్యధారణ తర్వాతే తలంబ్రాలు. కనుక తలంబ్రాల బొమ్మలో పసుపుతాడు, దానికి రెండు సూత్రాలు కనిపించాలి. సాధనానికి ఈ వరస తెలియదు. జీలకర్ర బెల్లం బొమ్మలో మంగళసూత్రాన్ని, తలంబ్రాల బొమ్మలో అడ్డుతెరను కలిపేస్తుంది. మనం రాసేటప్పుడే "మెడలో కాసులపేరు తప్ప వేరే తాడు, గొలుసు ఏదీ లేదు" అనో, "మెడలో పసుపుతాడు, దానికి రెండు చిన్న గుండ్రటి బంగారు బిళ్లలు" అనో తేల్చాలి.

బాసికం సాధనాలకు బొత్తిగా అంతుపట్టని వస్తువు. పేరు రాస్తే కిరీటం పెడతాయి. "కనుబొమల పైన, నుదుటి మధ్యలో నిలిచే చిన్న బంగారు రంగు పలక, రెండు వైపులా పసుపు దారంతో తల వెనక్కి కట్టింది" అని వర్ణించాలి. దాని ఆకారం ఇంటిని బట్టి, కులాచారాన్ని బట్టి మారుతుంది. తమ ఇంట్లో ఎలాంటిది కడతారో పెద్దవాళ్లను అడిగి రాసుకోవాలి. మధుపర్కాలు ఏ సమయంలో కడతారు, వధువు ఏ పక్కన కూర్చుంటుంది అన్నవి కూడా అలాంటివే. వాటికి ఇంటి పురోహితుణ్ణి అడగడమే దారి.

చేతులు ఒకదాని మీద ఒకటి పడే ఘట్టాల్లో వేళ్లు ఎక్కువవడం, ఒకరి చెయ్యి ఇంకొకరికి అతుక్కోవడం జరుగుతుంటుంది. జీలకర్ర బెల్లం బొమ్మ కుదరకపోతే, దోసిళ్లతో తలంబ్రాలు పోసుకునే బొమ్మ ప్రయత్నించవచ్చు. అందులో ఎవరి చేతులు వారివిగా విడిగా ఉంటాయి కాబట్టి సాధనానికి కాస్త సులువు. అదీ కుదరకపోతే ఫోటోలో ఉన్న తీరునే ఉంచడం అన్నింటికన్నా క్షేమం. నిలుచున్న తీరు ఎంత మారితే పోలిక అంత జారుతుంది.

గీత ఎలాంటిది

తెలుగింట శుభలేఖ బొమ్మ అనగానే బాపు గుర్తొస్తారు. ప్రాంప్ట్‌లో ఆయన పేరు రాసేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది సరైన దారి కాదు. ఒక చిత్రకారుడు జీవితమంతా సాధించిన గీతను పేరు చెప్పి యంత్రంతో గీయించుకోవడం మర్యాద కాదు. 2014లో కన్నుమూసిన బాపు బొమ్మలకు మన చట్టం ప్రకారం ఆ తర్వాత అరవై ఏళ్ల పాటు కాపీరైటు ఉంటుంది. శైలికి చట్టం అంతగా అడ్డు చెప్పకపోయినా, ఆయన గీసిన ఫలానా బొమ్మను పోలిన బొమ్మ వస్తే చిక్కే. పైగా ఆ పేరు రాసినంత మాత్రాన ఆ గీత రాదు. పెద్ద కళ్ల జంట ఒకటి వస్తుంది, అందులో మన అమ్మాయి ముఖం ఉండదు.

దానికన్నా, కావలసిన గీతను మాటల్లో వర్ణించుకోవాలి. "నల్ల సిరా గీత, కొసల్లో సన్నగా, మధ్యలో లావుగా. రంగులు చదునుగా, నీడలూ మెరుపులూ లేకుండా. మొత్తం అయిదారు రంగులు మించకుండా." లేదా "పలచటి నీటిరంగులు, కాగితం తెలుపు అక్కడక్కడా కనిపించేలా." చేర్యాల నకాషీ బొమ్మల ఎర్రటి నేపథ్యం, శ్రీకాళహస్తి కలంకారీ గీత లాంటి మన కళల ఛాయ కావాలనీ కొందరు అడుగుతారు. అయితే వాటిలో ముఖాలకు ఒక కట్టుబాటు ఉంది. కళ్లు, ముక్కు ఆ సంప్రదాయం చెప్పిన ఆకారంలోనే గీస్తారు. అంచులకు, నేపథ్యానికి ఆ ఛాయ అడిగి, ముఖాలను మామూలు గీతలోనే ఉంచమంటే పోలిక నిలుస్తుంది. ఆ కళలో అసలు బొమ్మే కావాలనుకుంటే చేర్యాల, శ్రీకాళహస్తి కళాకారులు ఇప్పటికీ గీసి ఇస్తున్నారు. వాళ్ల చేతే గీయించుకోవడం ఆ కళకు మనమిచ్చే గౌరవం.

ఖాళీ చోటు, కాగితం కొలత

అక్షరాలు మాత్రం సాధనంతో రాయించకూడదు. తెలుగు అక్షరంలో గుణింతం పైన ఎక్కుతుంది, వత్తు కింద దిగుతుంది. 'శ్రీరస్తు' అన్న ఒక్క మాటలోనే ర వత్తు, గుడి దీర్ఘం, త వత్తు, కొమ్ము అన్నీ ఉన్నాయి. సాధనం వాటిని బొమ్మ ముక్కలుగా చూసి గీస్తుంది కాబట్టి ఏదో ఒకటి జారిపోవచ్చు. పెద్ద అక్షరాల్లో ఒక మాట సరిగ్గా వచ్చినా, పేర్లూ ముహూర్తమూ వేదికా చిన్న అక్షరాల్లో చెడవచ్చు. ప్రాంప్ట్‌లో "బొమ్మలో ఎక్కడా అక్షరాలు, అంకెలు లేవు. పై మూడో వంతు సాదాగా ఖాళీగా ఉంది" అని రాయాలి. ఆ ఖాళీలో శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు, ఆ కింద చి., చి.ల.సౌ. పేర్లు డిజైనర్ టైపు చేస్తారు. ఇంట్లోనే చేసుకునేవాళ్లకు మండలి, సూరన్న, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి.

కొలత సంగతి ముందే చూసుకోకపోతే ప్రెస్సు దగ్గర దెబ్బ తింటాం. మామూలు శుభలేఖ 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు అనుకుందాం. అచ్చు స్ఫుటంగా రావాలంటే అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే బొమ్మ 1500 పిక్సెళ్ల వెడల్పు, 2100 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి. కొన్ని సాధనాలు నిలువు బొమ్మను 1024, 1536 పిక్సెళ్లలో ఇస్తాయి. దాన్ని 5 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి సుమారు 205 చుక్కలే మిగులుతాయి. నీటిరంగు బొమ్మకు అది నడిచిపోతుంది. సన్నటి సిరా గీత మాత్రం అంచుల్లో పలచబడి మసకగా కనిపిస్తుంది. పెద్దది చేసే సాఫ్ట్‌వేర్ వాడవచ్చు గానీ, అది ముఖాన్ని మళ్లీ గీసే రకమైతే పోలిక చెడుతుంది. దానికన్నా బొమ్మను కార్డు నడుమ మూడున్నర అంగుళాల లోపు వెడల్పులో పెట్టి, చుట్టూ అంచు డిజైను వేయించుకోవడం సులువైన ఉపాయం. వాట్సాప్‌లో పంపడానికి మాత్రమే అయితే ఈ బెంగ లేదు.

కార్డు నిండా బొమ్మే పరిస్తే, ప్రెస్సువాళ్లు కోతకోసం ప్రతి అంచునా 3 మిల్లీమీటర్లు అదనంగా అడుగుతారు. అందుకని తలలు, చేతులు, పాదాలు అంచులకు దూరంగా ఉండాలని ప్రాంప్ట్‌లోనే రాసుకోవాలి.

మొత్తం ప్రాంప్ట్

ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ ఒకచోట చేరిస్తే ఇలా ఉంటుంది.

"జత చేసిన మొదటి ఫోటోలోని ఇద్దరినీ శుభలేఖ ముఖచిత్రంగా గియ్యి. రెండో ఫోటో చీర అంచుకు మాత్రమే ఆధారం.

మారకూడనివి: ఇద్దరి ముఖ కవళికలు, వయసు, ఒంటిరంగు, శరీరాకృతి, ఎత్తులో తేడా ఫోటోలో ఉన్నట్టే. అబ్బాయి: గుండ్రటి దవడ, నల్ల ఫ్రేము కళ్లజోడు, దగ్గరగా కత్తిరించిన గడ్డం, పక్కకు దువ్విన జుట్టు, తల మీద ఏమీ లేదు. అమ్మాయి: దట్టమైన కనుబొమలు, గడ్డం మీద చిన్న పుట్టుమచ్చ, తల అబ్బాయి చెవి దాకా వస్తుంది.

దుస్తులు: అమ్మాయికి సాదా చిలకపచ్చ పట్టుచీర, అరచేతి వెడల్పు ముదురు ఊదా ఎరుపు అంచు, అదే రంగు కొంగు ఆమె ఎడమ భుజం మీదుగా వెనక్కి. నడుముకు బంగారు వడ్డాణం, రెండు చేతులకూ మోచేతి పైన వంకీలు, మెడలో కాసులపేరు, పొడవాటి పూలజడ ముందుకు. అబ్బాయికి తెల్లటి పట్టుపంచె, ముందు కుచ్చిళ్లు, వెనక్కి దోపిన కట్టు, అదే రంగు లాల్చీ, అతని ఎడమ భుజాన జరీ అంచు కండువా. ఇద్దరి పాదాలూ ఉత్తవి, ఎర్రటి పారాణితో. ఫోటోలో లేని నగలు చేర్చవద్దు.

భంగిమ: ఫోటోలో ఉన్నట్టే పక్కపక్కన నిలబడి, తల నుంచి పాదాల దాకా కనిపిస్తూ.

నేపథ్యం: రెండు వైపులా అరటి చెట్లు, వాటి మధ్య మామిడాకుల తోరణం, తక్కినదంతా సాదా మీగడ తెలుపు.

గీత: నల్ల సిరా గీత, చదునైన రంగులు, నీడలు లేవు.

అమరిక: నిలువు బొమ్మ. పై మూడో వంతు ఖాళీ. జంట కింది భాగంలో, అన్ని అంచులకూ దూరంగా. బొమ్మలో అక్షరాలు లేవు."

ఇక్కడ 'ఆమె ఎడమ భుజం' అని రాయడం కావాలనే. 'ఎడమ వైపు' అంటే చూసేవారి ఎడమో, ఆమె ఎడమో సాధనానికి తెలియదు. కొన్ని సాధనాలకు తెలుగు బాగానే అర్థమవుతుంది, కొన్నింటికి ఇంగ్లీషులో రాస్తేనే పట్టుబడుతుంది. ఏ భాషలో రాసినా ఈ వరస మార్చనక్కర్లేదు.

వచ్చిన బొమ్మను చూసే తీరు

ఫోన్ తెరంత సైజులో చూస్తే ప్రతి బొమ్మా బాగానే ఉంటుంది. పెద్దది చేసి, పైనుంచి కిందికి చూసుకుంటూ రావాలి. రెండు చెవుల జుంకాలు ఒకేలా ఉన్నాయా? వేళ్లు అయిదేనా? చీర అంచు కుచ్చిళ్ల దగ్గర తెగకుండా నడిచిందా, లేక మధ్యలో మాయమై మళ్లీ మొదలైందా? కొంగు ఎక్కడ మొదలై ఎక్కడ వేలాడుతోంది? జడ తలలోంచే వస్తోందా, భుజం మీద విడిగా పడి ఉందా? నగలు చర్మంలో కలిసిపోయాయా? చివరికి ఫోటోను, బొమ్మను పక్కపక్కన పెట్టి, జంటను ఎరిగిన ఒకరికి ఏమీ చెప్పకుండా చూపించాలి. ఎవరని అడగకుండానే పేర్లు చెబితే పోలిక కుదిరినట్టు.

తప్పులు దిద్దేటప్పుడు ఒక్కో విడతలో ఒక్కటే చెప్పాలి. "కండువాను అతని ఎడమ భుజానికి మార్చు, మిగతాదంతా ఇలాగే ఉంచు." ఒకేసారి అయిదు మార్పులు చెబితే మూడు చేసి, అడగనివి రెండు మారుస్తుంది. ఇంకో సంగతి: దిద్దిన బొమ్మనే మళ్లీ మళ్లీ దిద్దిస్తూ పోతే ముఖం విడతకు కొంత మారిపోతుంది, రంగులు మురికిబారతాయి. నాలుగైదు దిద్దుబాట్లతో పని కాకపోతే ఆ బొమ్మను వదిలేసి, నేర్చుకున్నదంతా ప్రాంప్ట్‌లో చేర్చి, అసలు ఫోటోతో కొత్తగా మొదలుపెట్టడం మేలు. అంచు దగ్గర చిన్న మచ్చ, అదనపు పూసలాంటి వాటిని డిజైనర్ చేతే చెరిపించుకోవచ్చు.

అచ్చుకు ఇచ్చే ముందు అదే కాగితం మీద ఒక్క కాపీ తీయించి చూడాలి. తెర మీద రంగు వెలుగుతో పుడుతుంది, కాగితం మీద సిరాతో. చిలకపచ్చ, గులాబీ లాంటి మెరిసే రంగులు కాగితం మీద తప్పకుండా ఒక పాలు తగ్గుతాయి. మీగడ రంగు కాగితమైతే ఒంటిరంగులు పసుపుకు తిరుగుతాయి. ఆ కాపీ చూసి డిజైనర్ రంగులు సర్దితే, వందల కార్డులు అచ్చయ్యాక బాధపడే అవసరం ఉండదు.

ఇంత రాసినా సాధనానికి అందనివి కొన్ని మిగులుతాయి. ముగ్గురు నలుగురు కలిసి కనిపించే తంతులు, ఇంటి ఆచారం ప్రకారమే ఉండాల్సిన బాసికం, నాన్నమ్మ ఇచ్చిన పాతకాలపు నగ అచ్చంగా అలాగే రావడం లాంటివి. అక్కడ చిత్రకారుడి చెయ్యే కావాలి. అలా ఎవరి చేతనైనా గీయించుకోవాలనుకుంటే పైన రాసిన కాగితమే, ఒక్క మాట మార్చకుండా, ఫోటోతో పాటు వాళ్లకు ఇవ్వవచ్చు. ఏది మారకూడదో, కొంగు ఏ భుజానో, ఏ చోటు ఖాళీగా ఉండాలో చిత్రకారుడు కూడా మొదట అడిగేది ఇవే.